చక్కెర ప్యాకెట్ల మీద మాటలు రాసేవారికి ఒక బహిరంగ లేఖ

చక్కెర, బ్రౌన్ షుగర్, ముడి చక్కెర, బెల్లం పొడి ప్యాకెట్లలో నింపి అమ్మే సంస్థల వారికి, ముఖ్యంగా ప్యాకెట్ ముందు వైపు ఏ మాట ఉండాలో, వెనుక వైపు ఏ మాట ఎంత చిన్న అక్షరాల్లో ఉండాలో నిర్ణయించేవారికి,

నమస్కారం.

మీ ప్యాకెట్లను చదివి, విప్పి, పలుకులను భూతద్దం కింద పెట్టి చూసే అలవాటున్న మనిషిని నేను. తెల్ల చక్కెరను పోల్చుకోవడం ఎవరికీ కష్టం కాదు. దాని గురించి నాకు పేచీ కూడా లేదు. నేను రాస్తున్నది రంగున్న మూడు సరుకుల గురించి: బ్రౌన్ షుగర్, ముడి చక్కెర, బెల్లం పొడి. ఈ మూడింటినీ మీరు ఒకే రకం అట్టలో, ఒకే మట్టి రంగులో, 'సహజమైనది', 'శుద్ధి చేయనిది', 'చెరకు గుణం చెడనిది' అనే ఒకే మాటల కింద అమ్ముతున్నారు. కానీ అవి మూడు వేర్వేరు దారుల్లో తయారైన సరుకులు. ఏ దారిలో వచ్చిందో పలుకు చెబుతుంది, పదార్థాల జాబితా చెబుతుంది. ముందు వైపు పెద్ద అక్షరాలు మాత్రం చెప్పవు. నా అభ్యంతరమంతా అక్కడే.

ముందుగా ఆ దారులేమిటో చెప్పుకోవాలి. చెరకు రసాన్ని తేర్చి కాచినప్పుడు, చిక్కబడ్డ పాకంలో చక్కెర పలుకులు కడతాయి. పలుకుల చుట్టూ నల్లటి చిక్కని ద్రవం మిగులుతుంది. అదే మొలాసిస్, కొందరు మడ్డి అంటారు. పలుకులనూ మడ్డినీ కలిపి, చిల్లులున్న డ్రమ్ములో పోసి వేగంగా తిప్పితే మడ్డి చిల్లుల్లోంచి బయటికి పోతుంది, పలుకులు లోపల నిలుస్తాయి. ఆ యంత్రం సెంట్రిఫ్యూజ్. బెల్లానికీ చక్కెరకూ అసలు తేడా ఈ డ్రమ్ము దగ్గరే ఉంది. బెల్లం దానిలోకి వెళ్లదు. రసం చిక్కబడేదాకా కాచి, పలుకునూ మడ్డినీ విడదీయకుండా గట్టిపడనిస్తే బెల్లం. కాగే చివరి దశలో బాగా కలియబెడుతూ పొడిగా చేస్తే బెల్లం పొడి. ముడి చక్కెర డ్రమ్ములోకి వెళ్తుంది కానీ మడ్డి పూర్తిగా పోదు, ప్రతి పలుకు మీదా పలచని పొరగా అంటి ఉంటుంది. ఆ పొరను కడిగేసి, పలుకులను మళ్లీ కరిగించి, రంగు తీసి, తిరిగి పలుకు కట్టిస్తే తెల్ల చక్కెర వస్తుంది.

ఇక బ్రౌన్ షుగర్. మార్కెట్లో దొరికేదానిలో చాలా భాగం పూర్తిగా శుద్ధి అయిన తెల్ల చక్కెరకు కొలిచిన మోతాదులో మడ్డిని తిరిగి పట్టించి చేసినది. లేత రంగుదానిలో మడ్డి సుమారు మూడున్నర శాతం, ముదురు రంగుదానిలో సుమారు ఆరున్నర శాతం ఉంటుందని సాధారణంగా చెబుతారు. ఇందులో దొంగతనమేమీ లేదు. రంగూ తేమా ప్రతిసారీ ఒకేలా రావాలంటే అది మంచి పద్ధతి. కేకులకూ బిస్కెట్లకూ ఆ నిలకడ కావాలి. కానీ అదే సరుకు మీద 'శుద్ధి చేయనిది' అని రాస్తే అది అబద్ధం.

నా దగ్గరున్న ఒక ప్యాకెట్‌నే తీసుకుంటాను. పేరు చెప్పను. ఇలాంటివి ఎన్నో ఉన్నాయి కాబట్టి ఒకరి పేరు రాయడం న్యాయం కాదు. ముందు వైపు 'సహజ గోధుమ రంగు ముడి చక్కెర' అని ఉంది. పక్కన చెరకు గడల బొమ్మ. వెనుక, పోషక విలువల పట్టిక కింద, పదార్థాల దగ్గర రెండే మాటలు: 'చక్కెర, చెరకు మొలాసిస్'. ఆ రెండు మాటల మధ్య ఉన్న కామా ముందు వైపు పేరును కొట్టేస్తుంది. ముడి చక్కెరలో మడ్డి ఉంటుంది, నిజమే. కానీ అది తయారీలోనే పలుకుకు అంటి మిగిలినది, విడిగా తెచ్చి కలిపిన పదార్థం కాదు. అందువల్ల నిజమైన ముడి చక్కెర ప్యాకెట్ మీద పదార్థాల దగ్గర ఒక్క మాటే ఉండాలి: ముడి చక్కెర, లేదా ముడి చెరకు చక్కెర. మడ్డి విడిగా కనబడిందంటే అది విడిగా చేరిందనే అర్థం. 'కారమెల్ రంగు' అని గానీ, E150 తో మొదలయ్యే సంఖ్య గానీ ఉంటే మడ్డి కూడా చాలక రంగు పూశారని అర్థం.

ఇది నా సొంత నిర్వచనమని మీరు అనుకోకూడదు. ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నడిపే ఆహార ప్రమాణాల సంకలనం కోడెక్స్ అలిమెంటేరియస్‌లో చక్కెరల ప్రమాణం ఒకటి ఉంది, దాని సంఖ్య CXS 212-1999. అందులో ముడి చెరకు చక్కెర అంటే, కొంతవరకే తేర్చిన చెరకు రసం నుంచి పలుకు కట్టించి, ఆ తర్వాత మళ్లీ శుద్ధి చేయనిది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పవచ్చు, ఆరబెట్టవచ్చు. పలుకుల మీద చెరకు మడ్డి పొర ఉండటం దాని లక్షణమని కూడా అందులోనే ఉంది. మెత్తని బ్రౌన్ షుగర్‌కు అక్కడ వేరే పద్దు ఉంది. అది తేమ కలిగి, సన్నని పలుకులతో, లేత నుంచి ముదురు గోధుమ రంగులో ఉండే శుద్ధి చేసిన చక్కెర. శుద్ధి చేసినది అన్న మాట ఆ నిర్వచనంలోనే ఉంది. మీ ప్యాకెట్ ముందు నుంచి మాయమైనది సరిగ్గా ఆ మాటే.

ప్యాకెట్ విప్పాక పలుకు ఏం చెబుతుందో చూద్దాం. తెల్ల కాగితం మీద అర చెంచా పోసి, వేలితో పలచగా పరిచి, పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి భూతద్దంతో చూడాలి. ముడి చక్కెరగా అమ్మే మంచి సరుకులో పలుకులు పెద్దవి, ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటాయి. ముఖాలు చదునుగా, అంచులు పదునుగా ఉంటాయి, కాగితాన్ని కాస్త తిప్పితే తళుక్కుమంటాయి. ఒకదాని నుంచి ఒకటి విడిగా దొర్లుతాయి, వేళ్లకు కొద్దిగా జిగురు తగులుతుంది. మెత్తని బ్రౌన్ షుగర్ పలుకులు చాలా సన్నం. విడిగా దొర్లవు, తడి ఇసుకలా పిడికిట్లో ఆకారం పట్టి నిలుస్తాయి. మడ్డిలోని విలోమ చక్కెరలు, అంటే చక్కెర విడిపోయి ఏర్పడిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్, తేమను పట్టి ఉంచడం వల్ల వచ్చే గుణం అది. మూత తీసి ఉంచితే ఆ తేమ ఆరి మొత్తం ఇటుకలా గట్టిపడటానికీ అదే కారణం. గట్టిపడింది కాబట్టి కల్తీ అనుకునేవారు ఉన్నారు. అది పొరపాటు.

కానీ పెద్ద పలుకుల బ్రౌన్ షుగర్ కూడా ఉంది, అసలు చిక్కు దానితోనే. పెద్ద తెల్ల పలుకులకు మడ్డి పూస్తే కంటికి అది ముడి చక్కెరలాగే ఉంటుంది. నేను విప్పిన ప్యాకెట్‌లో ఉన్నది అదే. భూతద్దం దగ్గర ఆగితే మోసపోతాం. అప్పుడు చేయవలసినది కడగడం, అదీ నీళ్లతో కాదు. నీళ్లలో పలుకే కరిగిపోతుంది, రంగు పైనుంచి వచ్చిందో లోపలి నుంచి వచ్చిందో తేలదు. చక్కెర ఇక ఏమాత్రం కరగనంత చిక్కటి పాకంతో కడగాలి. చక్కెర మిల్లుల ప్రయోగశాలల్లో పలుకు మీది పొరను విడదీయడానికి వాడే పద్ధతి మూలసూత్రం కూడా ఇదే.

ఇంట్లో ఎవరైనా చేయవచ్చు. 50 మిల్లీలీటర్ల నీటిలో 120 గ్రాముల తెల్ల చక్కెర వేసి, వేడి చేసి పూర్తిగా కరిగించాలి. గది వేడికి దిగాక మరో చిటికెడు తెల్ల చక్కెర వేసి, అప్పుడప్పుడు కలుపుతూ ఒక రాత్రి ఉంచాలి. మామూలు గది వేడిలో 100 గ్రాముల నీరు సుమారు 200 గ్రాముల చక్కెరను మాత్రమే పట్టి ఉంచుతుంది కాబట్టి ఎక్కువైనది అడుగున పలుకుగా దిగుతుంది. పైన తేరిన పాకం ఇక పలుకును కరిగించలేదు. ఆ పాకం రెండు చెంచాలు చిన్న గిన్నెలో పోసి, పరీక్షించవలసిన చక్కెర ఒక చెంచా వేసి, రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిప్పి, టీ వడపోత జాలీలో వంచాలి. కొత్త పాకంతో ఇంకోసారి అలాగే చేయాలి. జాలీలో మిగిలిన పలుకులను తెల్ల కాగితం మీద పరచి, పక్కనే అదే పాకంలో తడిపిన తెల్ల చక్కెర కొంచెం పెట్టి చూడాలి.

నా ప్యాకెట్‌లోని పలుకులు రెండో కడుగుకే తెల్లబడిపోయాయి. పక్కనున్న తెల్ల చక్కెర ఏదో, ఇవి ఏవో చెప్పలేనంతగా. రంగంతా పాకంలోకి దిగింది. పదార్థాల జాబితాలో కామా చెప్పిన మాటనే పలుకు కూడా చెప్పింది. ఒకే ఒక్క పదార్థం రాసి ఉన్న మరో ప్యాకెట్‌ను అదే పద్ధతిలో కడిగితే, పైపొర పోయి పలుకు లేతబడింది కానీ లోపల ఎండుగడ్డి రంగు నిలిచింది. పలుకు కడుతున్నప్పుడు చుట్టూ ఉన్నది రంగు పాకమే కాబట్టి, పలుకు పెరిగేకొద్దీ ఆ రంగులో కొంత లోపల చిక్కుకుపోతుంది. పైన పూసిన రంగుకు ఆ అవకాశం లేదు.

ఈ పరీక్షకు హద్దులు ఉన్నాయి, అవి దాచకూడదు. సన్నని పలుకుల మీద ఇది పనిచేయదు. జాలీలో నిలవవు, నిలిచినవాటి మధ్య పాకం ఆరదు. సెంట్రిఫ్యూజ్‌లో ఆవిరితోనో నీటితోనో బాగా కడిగిన ముడి చక్కెర లోపల రంగు చాలా తక్కువగా ఉండి, పూసిన సరుకులా కనిపించవచ్చు. ఇంకొకటి మరీ ముఖ్యం. కొన్ని శుద్ధి కర్మాగారాల్లో రంగున్న పాకం నుంచే బ్రౌన్ షుగర్ పలుకు కట్టిస్తారు. దాని లోపలా రంగు ఉంటుంది. కాబట్టి ఈ కడుగు 'రంగు పూశారా లేదా' అన్నది చెబుతుంది గానీ, 'శుద్ధి చేశారా లేదా' అన్నది పూర్తిగా చెప్పలేదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు మీ దగ్గర తప్ప కొనేవారి దగ్గర ఉండదు. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

బీట్ దుంప సంగతి కూడా ఇక్కడే చెబుతాను. బీట్ మడ్డికి వాసనా రుచీ బాగుండవు కాబట్టి, బీట్ చక్కెర నుంచి బ్రౌన్ షుగర్ చేసేటప్పుడు శుద్ధి చేసిన తెల్ల చక్కెరకు చెరకు మడ్డి కలుపుతారు. పదార్థాల దగ్గర 'బీట్ చక్కెర, చెరకు మొలాసిస్' అని కనిపిస్తే, ముందు వైపు చెరకు గడల బొమ్మ ఉన్నా ఆ ప్యాకెట్‌లోకి చెరకు నుంచి వచ్చింది ఆ కొద్దిపాటి మడ్డి ఒక్కటే.

బెల్లం పొడి దగ్గరికి వస్తే పరీక్ష తేలిక, మోసం మాత్రం వేరే రకం. ప్రపంచ కస్టమ్స్ సంస్థ సరుకుల వర్గీకరణలో 2012 నుంచి బెల్లం లాంటి చెరకు చక్కెరకు విడిగా ఒక వర్ణన ఉంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పనిది, కంటికి కనిపించనంత చిన్న, ఆకారం సరిగా లేని పలుకులు మడ్డిలో చుట్టుకుని ఉన్నది అని దాని సారాంశం. కాంతిని ఎంత తిప్పుతుందో చూసి చక్కెరను కొలిచే పరికరంలో దాని విలువ 69 డిగ్రీల నుంచి 93 డిగ్రీల లోపు ఉండాలి. కోడెక్స్ ప్రకారం తెల్ల చక్కెరకు అదే కొలత 99.7కు తగ్గకూడదు. కస్టమ్స్ అధికారుల కోసం రాసిన వర్ణన వంటగదిలోనూ అక్షరాలా పనికొస్తుంది. భూతద్దం కింద బెల్లం పొడి గింజకు చదును ముఖం ఉండదు, తళుకు ఉండదు. గరుకుగా, మసకగా, చిన్న మట్టిగడ్డలా ఉంటుంది. ఆ మసక గింజల మధ్య అక్కడక్కడ పదునైన అంచులున్న పలుకులు తళుక్కుమంటే, పొడిలో చక్కెర కలిపారని గట్టిగా అనుమానించవచ్చు.

దీని పక్కనే ఒక గ్లాసు నీళ్లు పెట్టుకోవాలి. ఒక చెంచా బెల్లం పొడి కరిగిస్తే నీరు మసకబారుతుంది. గ్లాసు వెనుక అక్షరాలు పెడితే చదవడం కష్టం. రసంలోంచి పూర్తిగా తేరని సన్నని పీచు, గడ్డకట్టిన ఇతర పదార్థాలు అందులోనే ఉండిపోవడం వల్ల అలా జరుగుతుంది. మడ్డి పూసిన బ్రౌన్ షుగర్ కరిగిస్తే నీరు రంగు మారుతుంది కానీ తేటగానే ఉంటుంది, అక్షరాలు కనిపిస్తాయి. అయితే రసాన్ని బాగా తేర్చి చేసిన బెల్లం మసక తక్కువ. సుద్ద లాంటిది కలిపినా నీరు మసకబారుతుంది, ఆ మసక కాసేపటికి తెల్లటి పొరగా అడుగుకు దిగుతుంది. కాబట్టి గ్లాసునూ భూతద్దాన్నీ కలిపి చూడాలి, ఒక్కదాన్నే నమ్మకూడదు. రసం కాగుతున్నప్పుడే చక్కెర వేసి కరిగించి ఉంటే ఈ రెండూ దాన్ని పట్టలేవు. అక్కడ కూడా కొనేవారికి మిగిలే ఆధారం మీ పదార్థాల జాబితా ఒక్కటే. దానిలో 'చెరకు రసం' అనో 'బెల్లం' అనో ఉందా, 'బెల్లం, చక్కెర' అని ఉందా అన్నదే తేల్చాలి.

పోషక విలువల పట్టిక గురించి ఒక మాట. 100 గ్రాములకు మొత్తం చక్కెరలు ఎంతో సరిగ్గా రాస్తే ఆ ఒక్క వరుసే చాలా చెబుతుంది. తెల్ల చక్కెరలో అది దాదాపు 100 గ్రాములు. బెల్లంలో తేమా, ఖనిజాలూ, ఇతర పదార్థాలూ ఉంటాయి కాబట్టి అంత రావడం కుదరదు. బెల్లం పొడి అని పేరున్న ప్యాకెట్ మీద 100 గ్రాములకు 99.8 అని కనిపిస్తే పేరైనా తప్పు, పట్టికైనా తప్పు. కానీ చాలా చోట్ల మీరు ఒక చెంచాకు, అంటే 4 గ్రాములకు లెక్క రాస్తున్నారు. తెల్ల చక్కెరకు 3.99, బ్రౌన్ షుగర్‌కు 3.9 దరిదాపు, చక్కెరలు 88 శాతం ఉన్న బెల్లానికి 3.52. పూర్ణ సంఖ్యకు సవరిస్తే మూడూ 4 అవుతాయి. తేడా చూపగలిగిన ఒక్క వరుసా అలా చెరిగిపోతోంది.

పేర్ల విషయంలో ఇలాంటి సర్దుబాటు ఇంతకుముందూ జరిగింది. కొన్ని ఆహారాల మీద చక్కెర అని రాయకుండా 'ఇగిర్చిన చెరకు రసం' అని రాసే పద్ధతి ఉండేది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో మార్గదర్శకం ఇచ్చి, ఆ మాట కొనేవారికి రసమని భ్రమ కలిగిస్తుందనీ, అది చక్కెర కాబట్టి చక్కెర అనే రాయాలనీ చెప్పింది. ఎవరో చెప్పేదాకా ఆగవలసిన పని మీకు లేదు.

మిమ్మల్ని అడిగేవి ఇవి. తెల్ల చక్కెరకు మడ్డి కలిపి చేసినదైతే ముందు వైపు, పేరు పక్కనే, పేరంత కాకపోయినా కనీసం దానిలో సగం ఎత్తు అక్షరాల్లో 'శుద్ధి చేసిన చక్కెరకు మొలాసిస్ కలిపి చేసినది' అని రాయండి. రంగు పాకం నుంచి పలుకు కట్టించినదైతే ఆ మాటే రాయండి. 'ముడి' అన్న మాటను రసం నుంచి ఒక్కసారే పలుకు కట్టిన సరుకుకు మాత్రమే వాడండి. 'శుద్ధి చేయనిది' అన్న మాటను సెంట్రిఫ్యూజ్ ముఖం చూడని బెల్లానికి వదిలేయండి, ఎందుకంటే ముడి చక్కెర కూడా కొంత శుద్ధి అయినదే. బెల్లం పొడిలో చక్కెర ఉంటే ఎంత శాతమో పేరు కిందనే చెప్పండి. బెల్లానికైనా చక్కెరకైనా రంగు తగ్గించడానికి వాడే సల్ఫైట్ అనే రసాయనం కిలోకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించి మిగిలి ఉంటే తప్పక ప్రకటించాలని కోడెక్స్ లేబుల్ ప్రమాణం చెబుతోంది. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి అది పడదు. కాబట్టి ఆ మాటను అంచు మడతలో దాచకండి. పట్టికలో 100 గ్రాముల వరుసను, ఒక దశాంశంతో, తప్పకుండా ఉంచండి.

చివరిగా ఖర్చు లేని కోరిక ఒకటి. ప్యాకెట్ అంతా మట్టి రంగు అట్టతో మూయకుండా వెనుక వైపు రూపాయి బిళ్లంత పారదర్శకమైన కిటికీ వదలండి, దాని వెనుక రంగు కాగితం గానీ రంగు ప్లాస్టిక్ గానీ పెట్టకండి. పలుకు పెద్దదో సన్నదో, తళుకుందో మసకగా ఉందో, విడిగా దొర్లుతోందో ముద్ద కట్టిందో కొనేముందే కనిపిస్తుంది. ఈ మార్పుల్లో మీరు వేటిని చేయగలరో, వేటిని చేయలేరో, చేయలేకపోతే ఎందుకో మీ తర్వాతి ముద్రణకు ముందే బహిరంగంగా చెప్పమని కోరుతున్నాను.

ఇట్లు,
ప్యాకెట్ వెనుక వైపు కూడా చదివే ఒక వినియోగదారు